ఒకే వయసు, మూడు రకాల బాకీలు

సంవత్సరాంతపు ఆస్తి అప్పుల పట్టీలో రుణగ్రస్తుల పేరిట కనిపించే మొత్తమంతా చేతికి రాదు. అందులో ఎంత మునగవచ్చో అంచనా కట్టి, ఆ మేరకు లాభాన్ని ముందే తగ్గించి చూపే పద్దును సంశయాత్మక బాకీల నిధి అంటారు. పేరులో నిధి అని ఉన్నా ఏ పెట్టెలోనూ డబ్బు పక్కన పెట్టరు. రావలసిన బాకీల విలువను నిజానికి దగ్గరగా దించి చూపడమే దాని పని.

ఈ అంచనాకు ఎక్కువ మంది వాడే పద్ధతి వయసులవారీ జాబితా. ఒక్కో ఖాతాదారు బాకీని బిల్లు తేదీ ప్రకారం విడగొడతారు: మూడు నెలల లోపుది, మూడు నుంచి ఆరు నెలలది, ఆరు నెలల నుంచి ఏడాదిది, ఏడాది దాటింది. ఒక్కో గడి మొత్తాన్ని ఒక శాతంతో గుణిస్తారు. గడి పాతబడేకొద్దీ శాతం పెరుగుతుంది. 1, 5, 20, 50 అన్న వరుస చాలా పద్దు పుస్తకాల్లో కనబడుతుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే గుమస్తా దగ్గర సాధారణంగా ఒకటే జవాబుంటుంది: పోయినేడాది కూడా అదే వేశాం.

ఆ శాతాలు నిజం కావాలంటే ఒక షరతు ఉంది. ఒక గడిలో పడిన బాకీలన్నీ ఇంచుమించు ఒకే తీరున వసూలయ్యేవి అయి ఉండాలి. చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో ఎరువులు, విత్తనాలు, డ్రిప్పు సామాను ఉద్దెరకు అమ్మే దుకాణానికి ఈ షరతు అసలు పొసగదు. హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే రోడ్డు మీద, గంట ప్రయాణం దూరంలో, మూడు రకాల కొనుగోలుదారులు ఒకే కౌంటరు దగ్గరికి వస్తారు. చేవెళ్ల చుట్టుపక్కల పత్తి, మక్క వేసే రైతులు మొదటి రకం. పాలీహౌసుల్లోనో ఆరుబయటో గులాబీ, జెర్బెరా, చామంతి, కూరగాయలు పండించి నగరానికి పంపేవాళ్లు రెండో రకం. జంట జలాశయాల కోసం 1996లో వచ్చిన 111 జీవో పరిధిలోని ఊళ్లతో సహా మొయినాబాద్ వైపు పెరిగిన ఫామ్‌హౌసులు, రిసార్టులు మూడో రకం. వీళ్లు పచ్చిక, స్ప్రింక్లర్లు, మొక్కల మందులు కొంటారు.

ఈ ముగ్గురూ జులై 10న తలా ఒక బిల్లు మీద సరుకు తీసుకెళ్లారనుకుందాం. మార్చి 31 నాటికి మూడు బిల్లులకూ వయసు 264 రోజులే. జాబితాలో మూడూ ఒకే గడిలో పక్కపక్కన కూర్చుంటాయి. కానీ పత్తి రైతుకు జులైలో సరుకిచ్చిన దుకాణదారు ఆగస్టులో డబ్బు వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. “పత్తి అమ్మినంక ఇస్త సేటూ” అన్నదే వాళ్లిద్దరి మధ్య ఒప్పందం. ఏరుడు పూర్తయి, జిన్నింగు మిల్లుకు సరుకు చేరి, డబ్బు రైతు బ్యాంకు ఖాతాలో పడేసరికి సంక్రాంతి దాటుతుంది. జనవరి 31ని గడువుగా తీసుకుంటే ఆ బిల్లు గడువు మీరి 59 రోజులే అయింది. పూల రైతుకు ఇచ్చేది నెల గడువు. అతని సరుకు గుడిమల్కాపూర్ మార్కెట్‌లో రోజూ డబ్బుగా మారుతుంది. ఆగస్టు 9న కట్టవలసిన మొత్తాన్ని మార్చి దాకా కట్టలేదంటే 234 రోజులుగా పూలు అమ్ముతూ కూడా కట్టలేదన్నమాట. ఈలోగా అతను మరో దుకాణంలో నగదుకు కొంటూ ఉండే అవకాశమే ఎక్కువ. ఫామ్‌హౌసు సంగతి ఇంకో తీరు. అక్కడ బిల్లు ఓకే చేసిన మేనేజరు ఈపాటికి మారిపోయి ఉంటాడు, కొత్తాయనకు ఆ పని సంగతే తెలియదు.

కాబట్టి వయసును బిల్లు తేదీ నుంచి కాక గడువు తేదీ నుంచి లెక్కించడం మంచిది. కంపెనీల చట్టంలోని మూడో షెడ్యూలుకు 2021లో చేసిన సవరణ కూడా కంపెనీల బాకీల వయసును గడువు తేదీ నుంచే చూపమంటుంది. అయితే మండల కేంద్రంలోని దుకాణం బిల్లుల మీద గడువు రాసి ఉండడం అరుదు. అటువంటప్పుడు బిల్లు తేదీనే ఉంచి, ఖాతాదారులను వసూలు తీరును బట్టి గుంపులు చేసి, ఒక్కో గుంపుకు దాని సొంత చరిత్ర నుంచి శాతం తీయాలి. పెద్ద కంపెనీలకు వర్తించే ఇండ్ ఏఎస్ 109 ప్రమాణం కూడా, గుంపుల మధ్య నష్టాల తీరు గణనీయంగా వేరుగా ఉంటే శాతాల పట్టికను విడగొట్టమనే చెబుతుంది. చిన్న దుకాణానికి ఆ ప్రమాణం వర్తించకపోయినా అందులోని తర్కం వర్తిస్తుంది.

శాతం తీసే పని పాత జాబితాలతో మొదలవుతుంది. ఇక్కడ ఒక ఊహా దుకాణాన్ని తీసుకుని, 2025 మార్చి 31 నాటి లెక్క కడదాం. పత్తి గుంపులో ఆరు నెలల నుంచి ఏడాది గడిని మాత్రమే చూద్దాం, ఎందుకంటే ఆ గుంపు బాకీలో సగానికి పైగా అక్కడే ఉంటుంది. 2021, 2022, 2023 మార్చి 31 నాటి జాబితాలు తెరిస్తే ఆ గడిలో వరుసగా 7 లక్షలు, 8 లక్షలు, 10 లక్షల రూపాయలున్నాయి. తర్వాత ఒక్కో జాబితాలోని బిల్లులనే పట్టుకుని రెండేళ్లు ముందుకు నడవాలి. ఏ బిల్లుకు ఎప్పుడు ఎంత వచ్చిందో రాసుకుంటూ పోతే, రెండేళ్ల చివర మిగిలిపోయింది మొదటి జాబితాలో 35 వేలు, రెండో దానిలో 40 వేలు, మూడో దానిలో లక్షా 75 వేలు. మూడింటినీ కలిపితే 25 లక్షల్లో రెండున్నర లక్షలు మునిగాయి. అంటే 10 శాతం.

ఈ 10 శాతం ఏ ఒక్క ఏడాదీ నిజంగా జరగలేదన్నది గమనించాలి. మొదటి రెండేళ్లు 5 శాతమే మునిగింది, మూడో ఏడాది పదిహేడున్నర. మూడో జాబితాకు ముందటి వానాకాలంలో ముసురు పట్టి పత్తి పాడైందనుకుంటే తేడాకు కారణం తెలిసినట్టే. అప్పుడు సగటు వేయడం కంటే ఇప్పటి జాబితా ఏ ఏడాదిని పోలి ఉందో చూడడం మేలు. మార్చి 31 నాటికి పత్తి ఏరడం అయిపోయి ఉంటుంది కాబట్టి ఇది జోస్యం చెప్పాల్సిన విషయం కాదు, నాలుగు ఊళ్లు తిరిగితే తెలిసే విషయం. ధర పెరుగుతుందని పత్తిని ఇంట్లో నిల్వ పెట్టుకుని కట్టని రైతు వేరు, అమ్ముకుని కూడా కట్టని రైతు వేరు, పంటే చేతికి రాని రైతు వేరు. మన దుకాణం ఊళ్లలో దిగుబడి మధ్యరకంగా వచ్చిందని తేలింది గనుక 10 శాతాన్నే ఉంచుదాం.

ఇదే పద్ధతిలో పూల, కూరగాయల గుంపుకు అదే గడిలో 50 శాతం, ఫామ్‌హౌసులకు 60 శాతం వచ్చాయనుకుందాం. ఈ ఏడాది ఆ గడిలో పత్తి రైతుల బాకీ 9 లక్షలు, పూల రైతులది 1 లక్ష, ఫామ్‌హౌసులది లక్షన్నర. మునిగేది వరుసగా 90 వేలు, 50 వేలు, 90 వేలు, వెరసి 2 లక్షల 30 వేలు. గుమస్తా పాత పద్ధతిలో మొత్తం పదకొండున్నర లక్షలకూ 20 శాతం వేసినా వచ్చేది సరిగ్గా 2 లక్షల 30 వేలే. మరి గుంపులు చేసిన శ్రమ దేనికని ఇక్కడ ఎవరికైనా అనిపిస్తుంది.

జవాబు వచ్చే ఏడాది జాబితాలో దొరుకుతుంది. 20 శాతం అనేది బాకీల స్వభావం నుంచి పుట్టిన అంకె కాదు. ఆ గడిలో పత్తి రైతులు ఎక్కువగా, మిగతావాళ్లు తక్కువగా ఉన్న పాళ్లు దాని లోపల దాగి ఉన్నాయి. మొయినాబాద్ వైపు సాగుభూమి ఏటేటా గోడలు, గేట్ల వెనక్కి వెళ్తోంది. వచ్చే మార్చికి ఆ గడిలో పత్తి బాకీ 5 లక్షలకు తగ్గి, పూలది 1 లక్షగానే ఉండి, ఫామ్‌హౌసులది 5 లక్షల 50 వేలకు పెరిగిందనుకుందాం. మొత్తం మారలేదు, అదే పదకొండున్నర లక్షలు. ఒకే శాతం వేసే దుకాణం మళ్లీ 2 లక్షల 30 వేలే రాస్తుంది. గుంపులవారీగా కడితే 50 వేలు, 50 వేలు, 3 లక్షల 30 వేలు, కలిపి 4 లక్షల 30 వేలు. జాబితా పైకి ఏమీ మారనట్టు కనబడుతూనే మునగబోయేది ఇంచుమించు రెట్టింపైంది. ఒకే శాతం పద్ధతి సరిగ్గా ఇలాంటి మార్పు వచ్చినప్పుడే, ఏ హెచ్చరికా లేకుండా తప్పుతుంది.

మిగతా గడులను త్వరగా దాటవచ్చు. దుకాణం మొత్తం బాకీ 40 లక్షలు: పత్తి గుంపుది 16, పూలది 14, ఫామ్‌హౌసులది 10. ఒక్కో గడికి ఒక్కో గుంపు శాతం వేస్తే నిధి వరుసగా లక్షా 81 వేలు, లక్షా 70 వేలు, లక్షా 97 వేలు, అంతా కలిపి 5 లక్షల 48 వేలు వస్తుంది. అన్నిటికంటే చిన్న గుంపు అన్నిటికంటే ఎక్కువ తింటోంది. అయితే ఆ గుంపు శాతాలనే అందరికంటే తక్కువగా నమ్మాలి. ఫామ్‌హౌసుల పాత చరిత్ర అంటే ఏడాదికి పది పన్నెండు బిల్లులు. వాటిలో ఒక్క పెద్ద బిల్లు మునిగితే శాతం ఎగసిపోతుంది, ఆ ఒక్కటి వసూలైతే పడిపోతుంది. అందుకే శాతం పక్కన అది ఎన్ని బిల్లుల నుంచి వచ్చిందో కూడా రాసి పెట్టుకోవడం మంచి అలవాటు.

శాతాలు వేసే ముందు, విడిగా తెలిసిన బాకీలను గుంపులోంచి బయటికి తీయాలి. ఫామ్‌హౌసుల గుంపులో మూడు నుంచి ఆరు నెలల గడిలో 2 లక్షలుంటే, అందులో లక్షా 20 వేలు ఒకే స్ప్రింక్లర్ల బిల్లు. సగం గొట్టాలకు నీళ్లే ఎక్కడం లేదని యజమాని డబ్బు ఆపాడు. ఇది వయసు వల్ల వచ్చిన సందేహం కాదు, తగాదా. అక్కడికి వెళ్లి చూసిన మనిషి సగం వస్తుందంటే దానికి 60 వేలు కేటాయించి, మిగతా 80 వేలకు మాత్రమే గుంపు శాతమైన 25 వేయాలి, అంటే 20 వేలు. గడి మొత్తానికి 80 వేలు. శాతం ఒక్కటే వేసి ఉంటే 50 వేలే వచ్చేది కాబట్టి నిధి 30 వేలు పెరిగి 5 లక్షల 78 వేలవుతుంది. మామూలుగా జరిగే పొరపాటు, అదే బిల్లుకు విడిగా 60 వేలు పెట్టి, మళ్లీ గడి మొత్తానికి 25 శాతమూ వేయడం.

దీనికి ఎదురు దిశలో మరో సర్దుబాటు ఉంది. మార్చి 31 తర్వాత, ఖాతాలు ఖరారయ్యే లోపు వచ్చిన వసూళ్లను చూసుకోవాలి. పూల గుంపులో ఏడాది దాటిన బాకీ 1 లక్ష ఉంది, దానికి 80 శాతం లెక్కన 80 వేలు పెట్టాం. ఏప్రిల్‌లో ఒక రైతు 40 వేలు కట్టేశాడు. ఇక మిగిలిన 60 వేలకు 80 శాతం వేసి 48 వేలు చాలనడం తొందరపాటు. ఆ 80 శాతం అనే అంకె, ఆలస్యంగానైనా కట్టేవాళ్లనూ ఎన్నటికీ కట్టనివాళ్లనూ కలిపి తీసింది. కట్టేవాడు కట్టి వెళ్లిపోయాక మిగిలినవాళ్లు ఆ సగటు కంటే చెడ్డవాళ్లు. ఇక్కడ మొత్తం 60 వేలూ నిధిలో ఉంచడమే సబబు. అప్పుడు నిధి 20 వేలు తగ్గి 5 లక్షల 58 వేల దగ్గర నిలుస్తుంది.

ఈ అంకె లాభనష్టాల ఖాతాకు నేరుగా పోదు. ఏడాది మొదట్లో నిధిలో 3 లక్షల 90 వేలుండి, ఏడాదిలో 70 వేల బాకీని పూర్తిగా రద్దు చేసి నిధిలోంచి తీసేస్తే మిగిలింది 3 లక్షల 20 వేలు. కావలసింది 5 లక్షల 58 వేలు కాబట్టి ఈ ఏడాది లాభం నుంచి తగ్గేది 2 లక్షల 38 వేలు. ఆదాయపు పన్ను లెక్కలో మాత్రం ఇలాంటి దుకాణానికి ఈ కేటాయింపు ఖర్చుగా చెల్లదు. ఖాతాల్లో నిజంగా రద్దు చేసిన బాకీకే మినహాయింపు. అలా రద్దు చేస్తే చాలు, బాకీ రాదని విడిగా రుజువు చేయనక్కరలేదని 2010లో టీఆర్ఎఫ్ లిమిటెడ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పన్ను కలిసొస్తుందని బాకీలను తొందరపడి రద్దు చేసే దుకాణాలూ ఉంటాయి, పన్నులో పనికిరాదని నిధే పెట్టని దుకాణాలూ ఉంటాయి. రెండు చోట్లా వసూళ్ల చరిత్ర వంకర పోతుంది.

చరిత్రను పాడుచేసేవాటిలో అన్నిటికంటే మోసకారి, పాత బాకీని కొత్త బిల్లుగా తిరగరాయడం. మే, జూన్ నెలల్లో విత్తనాలకు వచ్చిన రైతు, మిగిలిపోయిన 50 వేలు కట్టి, అదే పూట 60 వేల సరుకు ఉద్దెరకు తీసుకెళ్తాడు. పుస్తకంలో పాత బాకీ పూర్తిగా వసూలైనట్టే ఉంటుంది. నిజానికి ఆ రైతు నుంచి రావలసింది ఒక్క రూపాయి తగ్గలేదు, పైగా ఇంకో పది వేలు పెరిగింది. ఇలాంటివి ఎక్కువైతే ఏడాది దాటిన గడి ఖాళీగా, అంతకంటే కొత్త గడులు నిండుగా కనబడతాయి, నష్ట శాతాలు ఏటేటా తగ్గుతున్నట్టు తోస్తాయి. పట్టుకునే దారి కష్టం కాదు. వసూలైన తేదీకి అటూ ఇటూ వారం రోజుల్లో అదే ఖాతాలో కొత్త ఉద్దెర ఎంత పడిందో చూసి, ఆ మేరకు వసూలును తగ్గించి లెక్కించాలి. పెద్ద గుండ్రని అంకెతో బిల్లు ఉండి, దానికి సరిపోయే సరుకు స్టాకు పుస్తకంలో తగ్గకపోతే అది ఉద్దెర కూడా కాదు, పాత బాకీకి కొత్త తేదీ.

రెండో చిక్కు కంప్యూటరులో ఉంటుంది. ట్యాలీలో వసూలు ఎక్కించేటప్పుడు ఏ బిల్లుకు జమ చేయాలో `Agst Ref` కింద ఎంచుకోవచ్చు. హడావిడిలో `On Account` అని వదిలేస్తే డబ్బు ఏ బిల్లుకూ చేరదు. తీరిపోయిన బిల్లు జాబితాలో పాతబడుతూనే ఉంటుంది, పక్కనే ఖాతాదారు పేరిట జమ వేలాడుతుంది. ఇది మొదటి చిక్కుకు తలకిందులు: అక్కడ పాత బాకీ కొత్తదిగా కనబడితే, ఇక్కడ లేని బాకీ పాతదిగా కనబడుతుంది. జాబితా తీసే ముందు ఇలా వేలాడే జమలన్నిటినీ బిల్లులకు సర్దకపోతే ఆ తర్వాత వేసే ఏ శాతానికీ అర్థం ఉండదు.

ఏడాది దాటిన గడిలో ఇంకో తేదీని గమనిస్తూ ఉండాలి. సరుకు బాకీ కోసం దావా వేయడానికి కాలపరిమితి చట్టం ఇచ్చే గడువు మామూలుగా మూడేళ్లు. ఆ లోపు ఖాతాదారు బాకీని ఒప్పుకుంటూ సంతకం చేసినా, తన చేతిరాత లేదా సంతకం రుజువుగా ఉండేలా కొంత చెల్లించినా, అక్కడి నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. సంతకం లేని మూడేళ్ల బాకీకీ, పోయినేడాది లెక్క చూసుకుని సంతకం పెట్టిన మూడేళ్ల బాకీకీ ఒకే శాతం వేయడం కుదరదు. మొదటిదానికి పూర్తి మొత్తం కేటాయించాలి.

ఇన్ని చేశాక కూడా అంచనా అంచనాయే. అది ఎంత తప్పిందో తెలుసుకునే చోటు మరుసటి ఏడాది జాబితాయే. 2025 మార్చి 31న పత్తి గుంపుకు పెట్టిన లక్షా 81 వేలను, పూల గుంపుకు చివరికి నిలిచిన లక్షా 50 వేలను 2026 మార్చిలో విడివిడిగా తెరిచి, ఆ నాటి బిల్లుల్లో ఎంత వచ్చింది, ఎంత రద్దయింది, ఇంకా ఎంత మిగిలిందీ పక్కపక్కన రాయాలి. మొత్తాన్ని మాత్రమే పోల్చితే ఒక గుంపులో ఎక్కువ పెట్టిన తప్పు ఇంకో గుంపులో తక్కువ పెట్టిన తప్పును కప్పేస్తుంది. ఒక గుంపులో అంచనా ఒక ఏడాది ఎక్కువ, ఇంకో ఏడాది తక్కువ అవుతుంటే దాన్ని వానలకూ ధరలకూ వదిలేయవచ్చు. మూడేళ్లు వరసగా ఒకే వైపు తప్పితే శాతాన్ని మార్చే ముందు ఆ గుంపు సభ్యులను చూడాలి. పత్తి రైతుగా నమోదైన ఖాతాదారు పొలం అమ్మేసి ఉండవచ్చు, లేదా పాలీహౌసు వేసుకుని పూల రైతుల్లో చేరి ఉండవచ్చు. పుస్తకం అతన్ని ఇంకా పాత గుంపులోనే ఉంచి, జనవరి దాకా గడువిస్తూ ఉంటుంది.